పండగ హాంపర్ పేజీ: డబ్బు కట్టేది కొడుకు, మూత తీసేది అమ్మ

ప్రశ్న: రాజమండ్రిలో మాకు పిండివంటల షాపు ఉంది. అమెరికా, గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు ఇక్కడ ఇంట్లోవాళ్ళకి పంపేలా సంక్రాంతి హాంపర్లు పెట్టాం. పేజీలో పైనే "అమ్మ చేతి అరిసెల రుచి, మన మట్టి వాసన... దూరంగా ఉన్నా దగ్గరగా" అని సెంటిమెంట్ బాగానే రాయించాం. చూసేవాళ్ళు చూస్తున్నారు గానీ ఆర్డర్లు సగంలో ఆగిపోతున్నాయి. రాతలో ఏం మార్చాలి?

జవాబు:

మీ పేజీలో మొదట తీసేయాల్సింది ఆ పై వాక్యమే. "అమ్మ చేతి అరిసెల రుచి" అన్న మాట ఇక్కణ్ణుంచి అమెరికాకి పార్సిల్ పంపే షాపులకి సరిపోతుంది. అక్కడ తినేవాడు కొడుకు, గుర్తొచ్చేది అమ్మ. మీ వ్యాపారం దానికి తలకిందులు. మీ బాక్సు వెళ్ళేది ఆ అమ్మకే. ముప్పై ఏళ్ళు పాకం పట్టిన మనిషికి "మీ అమ్మ చేతి రుచి" అని షాపు అరిసెలు పంపమంటున్నారు. చదివే కొడుక్కి ఆ తేడా మాటల్లో తోచకపోవచ్చు గానీ, "అమ్మ ఇవి చూసి ఏమంటుందో" అన్న అనుమానం మాత్రం వస్తుంది. ఆర్డర్ అక్కడే ఆగుతుంది.

"దూరంగా ఉన్నా దగ్గరగా" కూడా పనికిరాదు. పండక్కి ఊరు రాలేకపోయానన్న బాధ ఆయనకి ముందే ఉంది. డబ్బు కట్టబోతున్న వేళ దాన్ని మళ్ళీ కెలికితే పేజీ మూసేసి, తర్వాత చూద్దాంలే అనుకుంటాడు. సంక్రాంతి ముందు "తర్వాత" అంటే చాలాసార్లు లేనట్టే.

మరి ఆయన కొంటున్నదేమిటి? మీ అరిసెలు కాదు, వాటి రుచి ఆయనకి తెలియదు కూడా. పండగ రోజు ఫోన్‌లో అమ్మ ఏమంటుందన్నదే ఆయనకి కావాల్సింది. "మంచి పని చేశావురా, ఈసారి నడుం నొప్పితో ఏమీ చేయలేకపోయాను" అంటే ఆ డబ్బు పనికొచ్చినట్టు. "ఎందుకురా అంత డబ్బు తగలేశావు, ఇక్కడ సందు చివర సగానికే దొరుకుతాయి" అంటే వచ్చే ఏడాది ఆయన మీ పేజీ తెరవడు. కాబట్టి మీ వాక్యం అమ్మ వంటతో పోటీ పడకూడదు, అమ్మకి పని తగ్గించాలి. మీ పేజీకి నేను పెట్టే మొదటి మాట ఇలా ఉంటుంది:

"ఈ సంక్రాంతికి అమ్మ పొయ్యి దగ్గర నిలబడక్కర్లేదు. అరిసెలు, పూతరేకులు, జంతికలు భోగికి ముందే ఇంటికి చేరతాయి."

ఇందులో మట్టి వాసన లేదు. అయినా చదవగానే ఇల్లు కళ్ళముందుకి వస్తుంది, పైగా ఎప్పుడు చేరుతుందో కూడా తెలుస్తుంది. సెంటిమెంట్ వద్దని నేననను. అది ఆయన గుండెలో ముందే ఉంది కాబట్టి మీరు మళ్ళీ పోయక్కర్లేదంటాను.

రెండో సంగతి తేదీ. విదేశాల్లో ఉన్నవాళ్ళ ఆర్డర్లు ఎక్కువగా ఆగేది ఇక్కడే. "ఆఖరి తేదీ 8/1" అని మీలాంటి పేజీల్లో తరచూ చూస్తుంటాను. అమెరికాలో నెల ముందు, రోజు తర్వాత రాస్తారు. అక్కడ పదేళ్ళుగా ఉన్న మనిషికి అది ఆగస్టు 1 లాగా కనిపిస్తుంది. నెల పేరు అక్షరాల్లో రాయండి, వారం కూడా పెట్టండి.

తర్వాత టైం. భోగి జనవరి 13న గానీ 14న గానీ పడుతుంది. మీరు ఆర్డర్లు జనవరి 8 సాయంత్రం 6 గంటలకి ఆపుతున్నారనుకుందాం. అది ఇండియా టైం. జనవరిలో న్యూజెర్సీ మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది, అంటే అక్కడ అప్పుడు 8వ తేదీ ఉదయం 7:30. డల్లాస్‌లో 6:30. కాలిఫోర్నియాలో తెల్లవారుజామున 4:30. అక్కడివాళ్ళు "8వ తేదీ" అని చదివి, ఆ రోజు ఆఫీసు నుంచి వచ్చాక తీరిగ్గా పెడదామనుకుంటారు. అప్పటికి ఇక్కడ 9వ తేదీ తెల్లారిపోతుంది. పేజీలో కౌంట్‌డౌన్ గడియారం పెట్టినా ఇంత స్పష్టంగా తెలియదు. ఈ ఒక్క వాక్యం చాలు:

"అమెరికాలో ఉన్నవాళ్ళు జనవరి 7 రాత్రి పడుకునేలోపు ఆర్డర్ పెట్టేయండి."

లెక్క మీరే వేసి, ఆయన రోజులో ఎక్కడ ఉంటుందో అక్కడ పెట్టారు. గల్ఫ్ వాళ్ళకి ఇదే వాక్యం కుదరదు. మన సాయంత్రం 6 అంటే దుబాయ్‌లో 4:30, రియాద్, దోహా, కువైట్‌లలో 3:30. చాలామంది అప్పుడు డ్యూటీలో ఉంటారు. రియాద్, దోహా, కువైట్ వైపు శుక్రవారం సెలవు కాబట్టి అక్కడివాళ్ళకి "భోగికి ముందు వచ్చే శుక్రవారమే పెట్టేయండి" అని రాస్తే ఎక్కుతుంది. ఆ శుక్రవారం మీ గడువు దాటి పడితే దాని ముందు శుక్రవారం తేదీ రాయండి.

ఇక సంక్రాంతికి మాత్రమే ఉండే ఒక చిక్కు, ఇది మన వైపు షాపులకి తెలియకపోతే ఇంకెవరికీ తెలియదు. తల్లిదండ్రులు హైదరాబాద్ ఫ్లాట్‌లో ఉంటారు, కొడుకు ఫోన్‌లో సేవ్ అయి ఉండేది ఆ అడ్రసే. కానీ పండక్కి వాళ్ళు తాళం వేసి భీమవరం దగ్గర ఊరికో, కోనసీమకో వెళ్ళిపోతారు. బాక్సు సెక్యూరిటీ గార్డు దగ్గర కూర్చుంటుంది. కనుమ అయ్యాక, ఒక్కోసారి ముక్కనుమ కూడా అయ్యాక, వాళ్ళు తిరిగొచ్చి తెరుస్తారు. దీనికి కొరియర్‌ని తిట్టి లాభం లేదు. ఫారంలో "డెలివరీ అడ్రస్" అన్న రెండు మాటలు తీసేసి, "భోగి రోజుకి అమ్మానాన్న ఏ ఊళ్ళో ఉంటారు?" అని అడగండి. కొడుకు ఒక్క క్షణం ఆగి, ఫోన్ చేసి కనుక్కుంటాడు. ఊరి అడ్రస్ ఇచ్చేవాళ్ళని ఇంటి నంబరు కంటే గుర్తు అడగడం మంచిది. "రామాలయం ఎదురు వీధి, పాల కేంద్రం పక్కన" అంటే పార్సిల్ తెచ్చే అబ్బాయికి తెలుస్తుంది. ఫోన్ నంబర్లు రెండు తీసుకోండి, రెండోది పక్కింటివాళ్ళదో, మేనమామదో అయినా ఫర్వాలేదని రాయండి.

పిన్‌కోడ్ వల్ల ఇంకో ఉపయోగం ఉంది. 50తో మొదలైతే చాలావరకు తెలంగాణ, 51, 52, 53 అయితే ఆంధ్రప్రదేశ్. సంక్రాంతి అంటే కోనసీమ ఇంట్లో అరిసెలు, కరీంనగర్ ఇంట్లో సకినాలు. 50తో మొదలయ్యే పిన్ కొట్టగానే సకినాల బాక్సు ముందు చూపిస్తే, మీరు ఒక్క మాట రాయకుండానే "వీళ్ళకి మా ఇల్లు తెలుసు" అనిపిస్తుంది. సకినాలు మీరు చేయకపోతే రాజమండ్రి సకినాలని పెట్టకండి, కారం వంటల బాక్సు చూపించండి చాలు.

పేర్ల విషయంలో కూడా జాగ్రత్త పడాలి. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో, బందరు లడ్డుకి 2017లో ఊరి పేరుకి రక్షణ ఇచ్చే జీఐ గుర్తింపు వచ్చింది. మీరు రాజమండ్రిలో చుట్టించినవాటికి "ఆత్రేయపురం పూతరేకులు" అని పేరు పెట్టడం చిక్కు. ఆత్రేయపురంలో చేసేవాళ్ళ దగ్గర తీసుకుంటుంటే ఆ మాటే రాయండి, "ఆత్రేయపురంలో చుట్టించి తెప్పిస్తాం" అంటే ఉత్త విశేషణం కంటే బరువుగా ఉంటుంది. "ప్రసాదం" అన్న మాట మాత్రం గుడి నుంచి వచ్చినదానికి తప్ప వాడకండి.

ఇక "బెల్లంతో చేశాం కాబట్టి షుగర్ ఉన్నవాళ్ళూ తినొచ్చు" అని కింద ఉంటే ఈ రోజే తీసేయండి. బెల్లం కూడా రక్తంలో చక్కెర పెంచుతుంది. నాన్నకి షుగర్ ఉన్న కొడుకు ఆ వాక్యం చూసి సంతోషించడు, మీ మిగతా మాటలన్నీ అనుమానంతో చదువుతాడు. జంతికలు, చెక్కలతో ఇంకో బాక్సు పెట్టి "తీపి లేని బాక్సు" అనండి. అంతకు మించి ఆరోగ్యం ఊసు ఎత్తకండి, జంతికలైనా బియ్యప్పిండే కదా.

నిల్వ ఎన్నాళ్ళో రాసేటప్పుడు చాలామంది తయారీ తేదీ నుంచి లెక్క చెబుతారు. పంపేవాడికి అది అక్కర్లేదు. అమ్మ చేతికి వెళ్ళాక ఎన్నాళ్ళు ఉంటుందో కావాలి. పూతరేకులు మీ లెక్కలో పన్నెండు రోజులు ఆగుతాయనుకోండి, దారిలో నాలుగు రోజులు పోతే "ఇంటికి చేరాక 8 రోజులు బాగుంటాయి" అని రాయాలి. కోవా సరుకు దూరం బాక్సుల్లో పెట్టనే వద్దు. పెట్టకపోవడం కూడా పేజీలో చెప్పదగ్గ మాటే: "దారిలో పాడయ్యే కోవా మిఠాయిలు ఇందులో పెట్టలేదు." అమ్మకి పులిసిన మిఠాయి చేరుతుందేమోనన్న టెన్షన్ ఒక్క వాక్యంలో తీరిపోతుంది.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న చోటికి వస్తాను. మీ రాత చదివేవాళ్ళు ఇద్దరు. కొడుకు కోసం పేజీ రాశారు, అమ్మ కోసం ఏం రాశారు? చాలా షాపులకి ఇక్కడ ఖాళీనే ఉంటుంది.

ఆవిడ వైపు నుంచి చూడండి. తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తుంది. "మేడం, పార్సిల్ ఉంది, ఓటీపీ చెప్పండి" అంటాడు. ఆ ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని ఆవిడకి నూరిపోసింది ఈ కొడుకే. "నేనేమీ ఆర్డర్ పెట్టలేదు బాబూ" అని ఫోన్ పెట్టేస్తుంది. బాక్సు వెనక్కి వస్తుంది. మీ దగ్గర తిరిగొచ్చిన పార్సిళ్ళు ఎక్కువగా ఉంటే, కారణం దగ్గర "తీసుకోలేదు" అని ఉందేమో చూడండి. ఉంటే తప్పు అడ్రస్‌ది కాదు, చెప్పకపోవడంది.

దీనికి ఆర్డర్ అయిన వెంటనే కొడుకు వాట్సాప్‌కి ఒక తెలుగు మెసేజ్ పంపండి, అది ఆయన అమ్మకి అలాగే ఫార్వర్డ్ చేసేలా ఆయన మాటల్లోనే ఉండాలి:

"అమ్మా, పండక్కి మీకో పార్సిల్ పంపాను. 11, 12 తేదీల్లో వస్తుంది. రాజమండ్రి నుంచి ఫోన్ వస్తుంది. డబ్బులు కట్టేశాను, నువ్వేమీ ఇవ్వక్కర్లేదు. తెచ్చినతను ఇంటి ముందుకి వచ్చి, బాక్సు చూపించాకే ఓటీపీ చెప్పు."

"సర్‌ప్రైజ్ గిఫ్ట్" అని మీ పేజీలో పెద్దక్షరాల్లో ఉంటే తగ్గించండి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకి సర్‌ప్రైజ్ పార్సిల్ అంటే సరదా కంటే భయమే ఎక్కువ. సర్‌ప్రైజ్ కావాలనుకునేవాళ్ళకి "పక్కింట్లో ఎవరికైనా చెప్పి ఉంచండి" అని ఒక మాట చాలు.

బాక్సులో పెట్టే కార్డు కూడా రాతే. "హ్యాపీ సంక్రాంతి ఫ్రమ్ రవి" అన్న ఇంగ్లీషు స్టిక్కర్ వల్ల ఏ అమ్మా కళ్ళు తుడుచుకోదు. అక్కడివాళ్ళు ఫారంలో Amma, pandaga bagaa cheskondi, pillalu adugutunnaru అని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు, అది సహజం. మీరు దాన్ని తెలుగులో టైపు చేసి, అచ్చు వేసేముందు వాట్సాప్‌లో ఆయనకి చూపించండి. "మీరు ఇంగ్లీషు అక్షరాల్లో రాసినా కార్డు మీద తెలుగులో వేస్తాం, ముందు మీకు చూపిస్తాం" అన్న వాక్యం ఫారంలో ఆ పెట్టె పైనే ఉండాలి. ఎవరికి అన్న చోట అమ్మానాన్న ఒక్కటే పెట్టి వదిలేయకండి. అమ్మమ్మ, నాయనమ్మ, తాతయ్య, అత్తయ్య, మామయ్య, బాపు, అవ్వ, ఎవరిని ఎలా పిలిస్తే అలా రాసుకోనివ్వండి.

అత్తయ్య, మామయ్య అన్నాను కాబట్టి ఇంకో మాట. అక్కడుండే జంటల్లో చాలామంది పంపితే రెండిళ్ళకీ పంపాలి, అదీ ఒకేలాంటిది పంపాలి. ఒక ఇంటికి పెద్ద బాక్సు, ఇంకో ఇంటికి చిన్న బాక్సు వెళ్తే ఆ లెక్క ఎక్కడ తేలుతుందో మీకు తెలుసు. మీ ఫారంలో రెండో అడ్రస్ కోసం మళ్ళీ మొదటినుంచి ఆర్డర్ పెట్టాల్సి వస్తుంటే, అక్కడ ఆగేవాళ్ళు ఆగిపోతారు. "మీ ఇంటికి, అత్తవారింటికి: ఒకే ఆర్డర్, రెండు అడ్రసులు" అని ఒక బటన్ పెట్టండి. తగ్గింపు ఇవ్వకపోయినా ఇది నడుస్తుంది. ఇందులో ఆదా అయ్యేది డబ్బు కాదు, మొహమాటం.

మరో చిన్న విషయం, కానీ పొరపాటు జరిగితే పెద్దది. ఆ ఏడాది ఇంట్లో ఎవరైనా పోతే చాలా ఇళ్ళలో పండగ చేసుకోరు, పిండివంటలు వండుకోరు. అయినవాళ్ళే తెచ్చిస్తారు. అలాంటి ఇంటికి పంపేవాళ్ళూ మీ పేజీకి వస్తారు. బాక్సు మూత మీదే "సంక్రాంతి శుభాకాంక్షలు" అని అచ్చు వేస్తే వాళ్ళు పంపలేరు. శుభాకాంక్షలు కార్డు మీద మాత్రమే వేసి, "కార్డు లేకుండా పంపండి" అన్న గడి ఒకటి ఇవ్వండి. కారణం అడగకండి.

ధర గురించి. రూపాయల్లోనే చూపించి, పక్కన సుమారు డాలర్లు ఇవ్వండి. డెలివరీ ఖర్చు ఆఖరి మెట్టులో కాక మొదట్లోనే కలిపి చెప్పండి. విదేశీ కార్డులు తీసుకునేలా మీ పేమెంట్ గేట్‌వేలో ఆన్ చేసి ఉందో లేదో ముందు చూసుకోండి. ఆపి ఉంటే రాత ఎంత మార్చినా డబ్బు కట్టే మెట్టులో ఆగుతూనే ఉంటాయి. కార్డు స్టేట్‌మెంట్‌లో మీ షాపు ఏ పేరుతో కనిపిస్తుందో కూడా రాయండి. షాపు పేరు ఒకటి, బిల్లు మీద మీ నాన్నగారి పేరుతో ఉన్న సంస్థ ఇంకొకటి అయితే అది మోసం అనుకుని బ్యాంకుకి ఫిర్యాదు చేసేవాళ్ళుంటారు.

"బాక్సులో ధర కనపడదు" అని మాత్రం మాటివ్వకండి. ప్యాకెట్ల మీద ఎంఆర్‌పీ ఉండి తీరాలి. "బిల్లు బాక్సు లోపల పెట్టం, మీ మెయిల్‌కి పంపుతాం" అనండి, అది నిజం. పైన అంటించే కొరియర్ కవర్‌లో బిల్లు కాపీ వెళ్తోందేమో మీ ప్యాకింగ్ వాళ్ళని ఒకసారి అడగండి.

గల్ఫ్ వాళ్ళకి వేరే పేజీ ఉంటే మంచిది. కోనసీమ నుంచి వెళ్ళినవాళ్ళు, జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వెళ్ళినవాళ్ళు చాలావరకు భార్యాపిల్లల్ని ఇక్కడే ఉంచి వెళ్తారు. అమ్మ పొయ్యి దగ్గర నిలబడక్కర్లేదన్న వాక్యం వాళ్ళకి సగమే పనిచేస్తుంది. అక్కడ చదివేవాడు తండ్రి, బాక్సు కోసం ఎదురుచూసేది పిల్లలు. "పిల్లలకి నాన్న పంపిన పండగ బాక్సు" అంటే వాళ్ళ మాట అవుతుంది. చిన్న బాక్సు ముందు చూపించండి, మొత్తం ధర ఒకే అంకెలో చెప్పండి, ఫారం బదులు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌తో ఆర్డర్ తీసుకుంటామని రాయండి. తెలంగాణ వాళ్ళకైతే సంక్రాంతి కంటే బతుకమ్మ, దసరాకే ఈ పేజీ ముందు సిద్ధం చేసుకోవాలి.

మార్చాక ఏం పని చేస్తోందో ఎలా తెలుస్తుందంటే, మీకు వచ్చే వాట్సాప్ ప్రశ్నలు చదవండి. "భోగికి వస్తుందా?" అని ఇంకా అడుగుతుంటే తేదీ వాక్యం కనపడే చోట లేదన్నమాట. "ఊళ్ళోకి వస్తారా?" అంటే పిన్‌కోడ్ గడి ఇంకా పైకి రావాలి. "అమ్మకి ఫోన్ చేస్తారా?" అంటే ఆ ఫార్వర్డ్ మెసేజ్ సంగతి పేజీలో చెప్పలేదు. ప్రశ్న వచ్చిన ప్రతిసారి విడిగా జవాబిచ్చి వదిలేయకుండా, ఆ జవాబునే పేజీలోకి ఎక్కించండి.

ఆఖరిది డెలివరీ మెసేజ్. ఇక్కడ ఉదయం 11కి బాక్సు అందితే న్యూజెర్సీలో అర్ధరాత్రి దాటి 12:30. ఆయన నిద్రలో ఉంటాడు, పొద్దున లేచి చూసేసరికి ఇక్కడ సాయంత్రం. "మీ ఆర్డర్ డెలివర్ అయింది" అన్న ముక్కతో ఆయనకి ఏమీ తెలియదు, గార్డు తీసుకున్నాడో అమ్మే తీసుకుందో అని మళ్ళీ మీకే రాస్తాడు. "ఉదయం 11:20కి మీ అమ్మగారే తీసుకున్నారు. పూతరేకులు ఈ నెల 20 లోపు తినేయమని చెప్పాం" అని రాయండి. అదే మెసేజ్‌లో రేటింగ్ అడగకండి. ఆయన ముందు అమ్మకి ఫోన్ చేసుకోనివ్వండి, రేటింగ్ కనుమ అయ్యాక అడగొచ్చు.